మెయిన్ కేటలాగ్ నుంచి మార్కెట్‌ప్లేస్‌లకు ధరలు, స్టాక్ పంపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే గోదాం, ఒకే మెయిన్ కేటలాగ్, రెండు మూడు మార్కెట్‌ప్లేస్‌లు. రోజుకు చాలాసార్లు ధర, స్టాక్ అక్కడికి పంపుతుంటారు. ఈ పనిలో ఉన్నవాళ్లు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇవి. ఎక్కువ చోటు స్టాక్‌కే ఇచ్చాను, ఎందుకంటే ఫోన్లు ఎక్కువగా దాని గురించే వస్తాయి.

రోజుకు ఎన్నిసార్లు పంపాలి?

గంటల లెక్కతో మొదలుపెట్టకండి, ఒక్కో వస్తువు అమ్ముడుపోయే వేగంతో మొదలుపెట్టండి. గోదాంలో 200 పీసులున్నాయి, రోజుకు మూడు పోతున్నాయి అనుకోండి. దానికి రోజుకు ఒక్కసారి పంపినా ఏమీ కాదు. నాలుగే మిగిలాయి, గంటకు ఆరు పోతున్నాయంటే మాత్రం మూడు గంటలకోసారి పంపడం దండగ. మొదటి గంటలోనే లేని సరుకు అమ్మేస్తారు.

నేను చూసేది ఒక్కటే: ఒకసారి పంపాక మళ్ళీ పంపేలోపు అన్ని సైట్లలో కలిపి ఎన్ని పీసులు పోవచ్చు? మిగిలిన స్టాక్ అంతకన్నా బాగా ఎక్కువుంటే ఆ వస్తువు గురించి టెన్షన్ అక్కర్లేదు. దగ్గర దగ్గరగా ఉంటే దాన్ని వేగంగా పంపే జాబితాలో వేస్తాను. చాలా కేటలాగ్‌లలో ఆ జాబితాలోకి వచ్చేవి కొద్ది వస్తువులే. అందుకే మొత్తం ఫైలును పదే పదే పంపడం కంటే ఆ కొన్నిటిని తరచుగా పంపడమే మేలు.

కరెక్ట్ సంఖ్యే పంపాను. అమ్మేసిన సరుకు మళ్ళీ లిస్టింగ్‌లో ఎలా ప్రత్యక్షమైంది?

దీన్ని తీరిగ్గా చూడాలి. ఒక వస్తువు ఏడు పీసులు ఉందనుకోండి, రెండు సైట్లలో అమ్ముతున్నారు.

10:00కి మీ ప్రోగ్రామ్ కేటలాగ్ చదివింది, ఏడు అని రాసుకుంది. వేల వస్తువుల ఫైలు తయారయ్యేసరికి 10:03 అయింది, అప్పుడు అప్‌లోడ్ చేసింది. 10:05కి మొదటి సైటులో ఒకరు మూడు కొన్నారు. ఆ సైటు తన దగ్గరున్న లెక్క తానే తగ్గించుకుని నాలుగు చేసుకుంది. ఇక్కడిదాకా అంతా సవ్యమే. 10:08కి క్యూలో ఉన్న మీ ఫైలు వంతు వచ్చింది. అందులో ఏడు అని ఉంది కాబట్టి సైటు ఆ నాలుగును చెరిపేసి ఏడు పెట్టింది.

10:20కి మీ ఆర్డర్ల దిగుమతి నడిచి ఆ మూడూ మీ సిస్టమ్‌లోకి వచ్చాయి, కేటలాగ్‌లో నాలుగైంది. కానీ మళ్ళీ పంపేది 13:00కి. ఈలోపు రెండో సైటులో ఇద్దరు చెరొకటి కొన్నారు, నిజానికి గోదాంలో మిగిలింది రెండే. 11:30కి మొదటి సైటులో ఒకరు ఐదు ఆర్డర్ పెట్టారు. అక్కడ ఇంకా ఏడు కనిపిస్తోంది కదా, ఆర్డర్ తీసుకుంది. మీరిప్పుడు మూడు పీసులు బాకీ.

ఇందులో ఎవరి లెక్కా తప్పు కాదు. మీరు పంపిన ఏడు 10:00కి నిజం. 10:08కి అది పాతబడింది, అయినా కొత్తదాని మీద పడి చెరిపేసింది. చాలామంది ఇది చూసి ‘సైటులో బగ్’ అని కంప్లైంట్ పెడతారు. పెట్టేముందు మీ లాగ్‌లో మూడు సమయాలు వెతకండి: స్టాక్ చదివిన సమయం, ఫైలు అప్‌లోడ్ అయిన సమయం, సైటు దాన్ని ప్రాసెస్ చేసిన సమయం. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఆ వస్తువుకు ఆర్డర్ పడిందంటే విషయం అదే.

దాన్ని ఆపేదెలా?

మొదట క్రమం మార్చండి. పంపే ప్రతిసారీ ముందు అన్ని సైట్ల నుంచి కొత్త ఆర్డర్లు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే స్టాక్ చదవాలి, చదివిన వెంటనే పంపాలి. ఆర్డర్ల దిగుమతి ఒక షెడ్యూల్‌లో, స్టాక్ పంపడం ఇంకో షెడ్యూల్‌లో ఉంటే అవి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుబొదురు అవుతాయి. రెండిటినీ ఒకే పనిగా కలపండి. ఆర్డర్లు తేవడం ఫెయిలైతే ఆ విడత స్టాక్ పంపకండి. పాత లెక్క పంపడం కంటే ఏమీ పంపకపోవడం నయం, ఎందుకంటే సైటు తన అమ్మకాల వరకైనా తాను తగ్గించుకుంటూనే ఉంటుంది.

రెండోది, ఒక సైటు నుంచి ఆర్డర్ రాగానే ఆ ఒక్క వస్తువు కొత్త సంఖ్యను అన్ని సైట్లకూ వెంటనే పంపండి. తర్వాతి విడత దాకా ఆగకండి. పై కథలో 10:20కి ఈ పని జరిగి ఉంటే 11:30 ఆర్డర్ వచ్చేది కాదు. ఆర్డర్ వచ్చిన సైటుకు కూడా పంపండి, అక్కడ పాత ఏడు కూర్చుని ఉండొచ్చు.

ఇంకొకటి తరచుగా దాటిపోతుంది: పేమెంట్ ఇంకా ఖరారు కాని ఆర్డర్లు. సైటు తన లెక్కలో ఆ పీసులను అప్పటికే పక్కన పెట్టేస్తుంది, మీ దిగుమతేమో ‘పంపడానికి సిద్ధం’ అన్నవాటినే తెస్తుంది. దాంతో మీ లెక్కలో అవి ఇంకా ఉన్నట్టే, మీరు పంపే సంఖ్య వాటిని మళ్ళీ అమ్మకానికి పెడుతుంది. పెండింగ్ ఆర్డర్లను కూడా తెచ్చుకుని తీసేయాలి. క్యాన్సిల్ అయితే అప్పుడు కలుపుకోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా లేని సరుకు అమ్ముడుపోతుందా?

పోతుంది, కాకపోతే అరుదుగా. రెండు సైట్లలో ఒకే నిమిషంలో ఆఖరి పీసు కొంటే ఏ ప్రోగ్రామూ ఆపలేదు. దానికి మందు కొంచెం దాచిపెట్టుకోవడమే:

```
qty = max(0, on_hand - open_orders - buffer)
```

`on_hand` అంటే గోదాంలో చేతికి దొరికేది, `open_orders` అంటే మాట ఇచ్చేసి ఇంకా ప్యాక్ చేయనివి, `buffer` అంటే మీరు చూపించకుండా దాచుకునేవి. ఇక్కడ ఒక గుంట ఉంది. కొన్ని గోదాం సాఫ్ట్‌వేర్‌లు ఆర్డర్ పడగానే `on_hand` తగ్గించేస్తాయి, కొన్ని ప్యాకింగ్ అయ్యాకే తగ్గిస్తాయి. మొదటి రకంలో మళ్ళీ `open_orders` తీసేస్తే ఒకే పీసు రెండుసార్లు పోతుంది, అమ్మగలిగిన సరుకు సున్నా చూపిస్తుంది. దీని మీద ఎవరూ కంప్లైంట్ చేయరు కాబట్టి నెలల తరబడి తెలియదు. ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి, ప్యాక్ చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి `on_hand` చూడండి. ఐదు నిమిషాల పని.

బఫర్‌ను అన్నిటికీ ఒకేలా పెట్టకండి. నెమ్మదిగా పోయేవాటికి సున్నా చాలు, వేగంగా పోయేవాటికి ఒకటో రెండో. ఆఖరి ఒకటి రెండు పీసులను ఒక్క సైటులోనే చూపించడం నాకు బాగా నచ్చిన పద్ధతి. అప్పుడు ఇద్దరు కొట్టుకునే అవకాశమే ఉండదు.

మొత్తం సంఖ్య ఎందుకు? ‘మూడు తగ్గించు’ అని పంపితే సరిపోదా?

వద్దు. పంపాక జవాబు రాకుండా కనెక్షన్ తెగిందనుకోండి. అందిందో లేదో తెలియదు, మళ్ళీ పంపుతారు. ‘మూడు తగ్గించు’ రెండుసార్లు అందితే ఆరు తగ్గుతాయి. ‘నాలుగు ఉన్నాయి’ అన్నది పదిసార్లు అందినా నాలుగే.

సైటు ‘అందింది’ అంది. లిస్టింగ్ మాత్రం మారలేదేం?

అందడం వేరు, అమలవడం వేరు. అమెజాన్ ఉదాహరణ తీసుకోండి. ఫీడ్ పంపితే మీకొక ఫీడ్ ఐడీ వస్తుంది. దాని స్థితి `IN_QUEUE`, `IN_PROGRESS` దాటి `DONE` అవుతుంది. ఆ `DONE` చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఫైలు చదవడం అయిపోయిందని మాత్రమే దానర్థం. లోపలి వరసల్లో ఏవి తిరస్కరణకు గురయ్యాయో ప్రాసెసింగ్ రిపోర్ట్ దించుకుని చూస్తేనే తెలుస్తుంది. ఫైలులో ఐదు వందల వరసలుండి నలభై తప్పినా స్థితి `DONE` అనే చూపిస్తుంది. వస్తువులను ఒక్కొక్కటిగా మార్చే `patchListingsItem` కూడా అంతే. `ACCEPTED` అని వచ్చిందంటే మీ మాట విని తీసుకున్నారని, అంతవరకే.

కాబట్టి ప్రతి విడతకూ మూడు లెక్కలు రాసిపెట్టుకోండి: ఎన్ని పంపాం, ఎన్ని నెగ్గాయి, ఎన్ని తప్పాయి. తప్పినవాటిని పేరు పేరునా చూడండి. నేను ఒకసారి చూస్తే పదిహేను వరసలు ‘అలాంటి ఎస్‌కేయూ లేదు’ అని వెనక్కి వచ్చాయి. కేటలాగ్‌లో అన్నీ ఉన్నాయి. తీరా చూస్తే ఎవరో ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు, `00417` కాస్తా `417` అయింది. ముందు సున్నాలున్న కోడ్‌లన్నీ వారం రోజులుగా పాత స్టాక్‌తోనే నడుస్తున్నాయి. అప్పటినుంచీ ఆ ఫైలును మనుషులు తెరిచే చోట పెట్టడం మానేశాను.

‘మారిందా లేదా’ అని చూసుకోవడానికి దేన్ని గుర్తుపెట్టుకోవాలి?

మారినవాటినే పంపే పద్ధతి మంచిదే, కానీ దేనితో పోల్చుతున్నారో చూసుకోండి. ‘చివరిసారి పంపిన విలువ’తో పోల్చితే, ఆ పంపినది తిరస్కరణకు గురైనా మీ ప్రోగ్రామ్ అది వెళ్ళిందనే అనుకుంటుంది, మళ్ళీ పంపదు. ‘సైటు ఒప్పుకున్న చివరి విలువ’తో పోల్చాలి. సైటులో అమ్మకం జరిగితే ఆ విలువ దానంతట అదే మారుతుందని కూడా గుర్తుంచుకోండి. ఆర్డర్ వచ్చిన ప్రతి వస్తువునూ ‘మారింది’ కిందే లెక్కేయండి.

ధరలు, స్టాక్ ఒకే ఫైలులో పంపవచ్చా?

కుదిరినచోట విడదీయండి. ధర తప్పుగా ఉందని సైటు ఒక వరసను తిరస్కరిస్తే దానితోపాటు స్టాక్ కూడా ఆగిపోతుంది. పైగా స్టాక్ నిమిషాల్లో పాతబడుతుంది, ధర అలా కాదు. పేర్లు, ఫొటోలు, వివరణల్ని అయితే ఈ ఫైళ్ళ దరిదాపులకు రానివ్వకండి.

ధర విషయంలో జరిగే పెద్ద పొరపాట్లు ఏమిటి?

స్టాక్ తప్పితే ఒక ఆర్డర్ క్యాన్సిల్ చేసి క్షమాపణ చెప్పుకుంటాం. ధర తప్పితే నిమిషాల్లో గోదాం ఖాళీ అవుతుంది, ఖాళీ అయినంతసేపూ అమ్మకాలు బ్రహ్మాండంగా ఉన్నాయనిపిస్తుంది.

ఒకటి దశాంశం. కొన్ని దేశాల సెట్టింగ్‌లలో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. 1499,00 అని రాసిన ఫైలును కామా తీసేసి చదివే ప్రోగ్రామ్ దాన్ని 149900 చేస్తుంది. 1.499,00ను కామా దగ్గరే ఆపి చదివేది 1.499 చేస్తుంది. ఈ రెండిటిలో 1.499 అయ్యేదే ప్రమాదం. రెండో పొరపాటు ఖాళీ గడి. ధర లేని వస్తువును కొన్ని ప్రోగ్రామ్‌లు సున్నాగా చదువుతాయి. ఖాళీ అంటే సున్నా కాదు, ‘తెలియదు’ అని. తెలియనిది పంపకూడదు.

ప్రతి వస్తువుకూ కనిష్ఠ ధర, గరిష్ఠ ధర మీ దగ్గరే పెట్టుకుని పంపేముందు పోల్చండి. అమెజాన్‌లో ఆ రెండూ లిస్టింగ్‌లోనే పెట్టుకునే వీలుంది. అవి పెట్టినా మీ సొంత తనిఖీ మానకండి. ఇంకో కాపలా కూడా పెట్టుకోవచ్చు: కొత్త ధర పాతదానికి 30 శాతం కన్నా ఎక్కువ తేడాగా ఉంటే ఆ వరసను ఆపి మనిషికి చూపించాలి. 30 అన్నది నా అంకె. మీరు భారీ తగ్గింపులు ఇచ్చేవాళ్లైతే అది రోజూ అడ్డం పడుతుంది, పెంచుకోండి.

ధర పెంచాను, పంపింది కూడా నెగ్గింది. కొనేవాళ్లకు పాత ధరే కనిపిస్తోంది.

ఆఫర్ ధర ఇంకా నడుస్తోందేమో చూడండి. మామూలు ధర, తేదీల మధ్య నడిచే తగ్గింపు ధర చాలా సైట్లలో వేరువేరు గడులు. మీరు మార్చింది మొదటిది, కనిపిస్తున్నది రెండోది. ముగింపు తేదీ లేకుండా పెట్టిన ఆఫర్లే ఎక్కువగా ఇలా మిగిలిపోతాయి.

ఎక్స్‌పోర్ట్ ఫైలు సగంలో తెగిపోతే?

ఇది నా నెత్తిన పడింది కాబట్టి చెబుతాను. గోదాం నుంచి రాత్రి వచ్చే ఫైలులో మామూలుగా తొమ్మిది వేల వరసలుంటాయి. ఆ రాత్రి అవతలి డిస్క్ నిండిపోయి నాలుగు వేల చిల్లర దగ్గర ఆగిపోయింది. నా ప్రోగ్రామ్‌లో ‘ఫైలులో లేని వస్తువు అయిపోయినట్టే’ అనే నియమం నేనే పెట్టాను. తెల్లారేసరికి సగానికి పైగా లిస్టింగ్‌లు సున్నా. ఎర్రర్ ఒక్కటీ లేదు, అన్ని వరసలూ నెగ్గాయి. ఆర్డర్లు రావట్లేదేమిటని మధ్యాహ్నం ఎవరో అడిగితే తెలిసింది.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. ఫైలు చివర మొత్తం వరసల సంఖ్య రాసే ఆఖరి వరస పెట్టించాను, అది లేకపోతే ఫైలు ముట్టుకోను. ఫైలులో లేనిదాన్ని సున్నా చేయడం మానేశాను, అయిపోతే సున్నా అని గోదామే స్పష్టంగా రాయాలి. ఒక విడతలో పది శాతం కన్నా ఎక్కువ వస్తువులు కొత్తగా సున్నా అవుతుంటే పంపడం ఆగి నాకు ఫోన్ మెసేజ్ వస్తుంది. మూడోది ఇప్పటిదాకా రెండుసార్లు అక్కరకొచ్చింది.

429 అని వస్తోంది. ఏం చేయాలి?

సైటు అనుమతించిన వేగాన్ని మీరు దాటారు. వెంటనే మళ్ళీ పంపితే ఇంకా బిగుస్తుంది. ఒక సెకను ఆగండి, మళ్ళీ వస్తే రెండు, తర్వాత నాలుగు, అలా పెంచుతూ పోండి. అసలు ఇబ్బంది ఈ ఆగడంలో ఉంది. క్యూలో నిలిచిపోయిన సంఖ్యలు అక్కడే పాతబడతాయి. ఒకే వస్తువుకు క్యూలో ఏడు, తర్వాత నాలుగు ఉంటే ఏడును పారేసి నాలుగు మాత్రమే పంపాలి. అందుకే క్యూలో సంఖ్యలు పెట్టను, ఎస్‌కేయూలు మాత్రమే పెడతాను. పంపే క్షణంలో స్టాక్ చదువుతాను.

పరిమితులు సైటును బట్టి మారతాయి, పద్ధతిని కూడా అవే నిర్ణయిస్తాయి. అమెజాన్ ఫీడ్‌లను సుమారు రెండు నిమిషాలకొకటి చొప్పునే కొత్తగా పెట్టనిస్తుంది, అందుకే ఫీడ్ అనేది పెద్ద మూటలకు. ఈబేలో `bulkUpdatePriceQuantity` ఒక్క పిలుపులో 25 వస్తువుల దాకా తీసుకుంటుంది. అక్కడే ఇంకో నియమం ఉంది: ఒక లిస్టింగ్‌ను రోజుకు 250 సార్లకు మించి మార్చనివ్వరు. ఐదు నిమిషాలకోసారి అన్నిటినీ గుడ్డిగా పంపేవాళ్లకు రోజుకు 288 అవుతాయి. సాయంత్రం దాటాక ఆ లిస్టింగ్ బిగుసుకుపోతుంది, అమ్మకాలు జోరుగా ఉండే వేళకే. మారినవాటినే పంపితే ఈ గొడవ దాదాపు ఉండదు.

ఒక విడత పూర్తికాకముందే ఇంకోటి మొదలైతే?

లాక్ పెట్టండి. మొదటిది నడుస్తుంటే రెండోది మొదలుకాకూడదు. లేకపోతే ఆలస్యమైన పాత విడత కొత్తదాని తర్వాత చేరి దాన్ని చెరిపేస్తుంది. లాక్‌కు గడువు కూడా ఉండాలి. ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోతే లాక్ అలాగే ఉండిపోయి రెండు రోజులు ఏమీ పంపకపోవడం నేను చూశాను.

అయిపోయిన వస్తువుకు సున్నా పంపాలా, లిస్టింగ్ తీసేయాలా?

మళ్ళీ వచ్చే సరుకైతే సున్నా.

మార్కెట్‌ప్లేస్ వాళ్ల గోదాంలో ఉన్న సరుకు సంగతి?

దానికి స్టాక్ పంపకండి, ధర మాత్రమే పంపండి. ఆ లెక్క వాళ్లది. అమెజాన్‌లో అలాంటి ఎస్‌కేయూకు మీరు సంఖ్య పంపితే, మీరే సరుకు పంపే లిస్టింగ్‌గా అది మారిపోవచ్చు. వాళ్ల గోదాంలో సరుకు పడి ఉంటుంది, ఆర్డర్లు మీకు వస్తాయి. అలాంటి ఎస్‌కేయూలకు కేటలాగ్‌లోనే ఒక గుర్తు పెట్టి, స్టాక్ పంపే ప్రోగ్రామ్ వాటిని చూడనే చూడకుండా చేయండి.

అంతా సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

రోజుకొకసారి ఎదురు లెక్క చూడండి. సైటు నుంచి అక్కడున్న లిస్టింగ్‌ల రిపోర్ట్ దించుకుని ప్రతి ఎస్‌కేయూ ధర, స్టాక్ మీ కేటలాగ్‌తో పోల్చండి. మొదటిసారి చూస్తే చాలా తేడాలు కనిపిస్తాయి, కంగారుపడకండి. రిపోర్ట్ తయారయ్యేలోపు జరిగిన అమ్మకాలు వాటిలో చాలా ఉంటాయి. అరగంట తర్వాత మళ్ళీ పోల్చండి. రెండుసార్లూ తేడా చూపించినవే అసలైనవి. నాకు ఎక్కువగా తగిలే రకాలు రెండు: ఎవరో సైటులోకి లాగిన్ అయి చేత్తో మార్చినవి, ఎప్పుడో తిరస్కరణకు గురై ఎవరూ చూడని వరసలు. మొదటివాటిని మళ్ళీ పంపి సరిచేయొచ్చు, కానీ చేత్తో మార్చినవాళ్లను ముందు అడగండి. కొన్నిసార్లు గోదాంలో సరుకు తడిసిందని తెలిసి సున్నా పెట్టి ఉంటారు. కేటలాగ్‌లో ఆ మాట రాయడం మాత్రం మర్చిపోయి ఉంటారు.